కంబళ్ల అంగడికి కొత్త బోర్డు

మా అంగడిని పాడు చేసింది కరువేనని మా బంధువులు ఇప్పటికీ అంటుంటారు. పాపం కరువు, దాని నెత్తిన ఎన్నని వేస్తారు. ఆ పని చేసింది నేను. ఎంబీఏ చదివి, బోర్డు మార్చి, రిబ్బను కూడా కత్తిరించి మరీ చేశాను. ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కూర్చుంటే కోపం వస్తోంది. ఎవరి మీద కోప్పడదామని చూసినా చివరికి నేనే దొరుకుతున్నాను.

మాది కంబళ్ల అంగడి. తాత పెట్టాడు, నాయన నడిపాడు. అనంతపురం పాతూరు బజారులో ముందు అంగడి, వెనక ఇల్లు. నల్ల గొర్రె బొచ్చుతో నేసిన ముతక కంబళ్లు తప్ప మేము ఇంకొకటి అమ్మలేదు. కొనేవాళ్లు గొర్రెల కాపర్లు. ముదిగుబ్బ వైపు నుంచి, ఇంకా దూరం నుంచి సంత రోజు వచ్చి, జీవాలను అమ్ముకుని, అట్నుంచి అటే మా అంగడికి వచ్చేవాళ్లు. కాపరికి వానలో గొడుగు, చలిలో దుప్పటి, మంద దగ్గర పడుకుంటే పక్క, అన్నీ ఆ కంబళే. వాళ్ల ఇళ్లలో పెళ్లికి పరిచేదీ, దేవుడి ముందు పరిచేదీ అదే.

ఆ బొచ్చు కూడా వాళ్లదే. గొర్రెలకు బొచ్చు కత్తిరించే కాలం వస్తే నాయన ఊళ్లు తిరిగి, మందల దగ్గరే కూర్చుని కొనేవాడు. ఊళ్లలోనే వడికేవాళ్లు, ఊళ్లలోనే నేసేవాళ్లు. నేసిన కంబళి మా పెరట్లోకి వస్తే ఒక అవ్వ చింతగింజల గంజి పెట్టేది. ఆ గంజి పట్టి ఎండాక కంబళి అట్టలా బిగుసుకునేది. వాన పడితే నీళ్లు పైపైనే జారిపోయేవి.

అంగట్లో మా వాడుక ఒకటుండేది. కొనేవాడు కంబళిని నాలుగు చెరగులు కూడదీసి పట్టుకోవాలి. మధ్యలో ఏర్పడిన గుంతలో చెంబుడు నీళ్లు పోసేవాళ్లం. బీడీ ఒకటి కాల్చి పారేసేంతసేపు కింద చుక్క పడకూడదు. పడిందంటే నాయన ఆ కంబళిని పెరట్లోకి విసిరేసి ఇంకోటి తీసేవాడు. ధర మాట ఆ తర్వాతే. అందువల్ల మా అంగడి ముందర ఎప్పుడూ బురదగా ఉండేది. చిన్నప్పుడు స్కూలుకు పోయేటప్పుడు ఆ బురద తొక్కి పోవాల్సి వచ్చిందని నేను రోజూ అరిచేదాన్ని.

అంగడికి పేరు లేదు. బోర్డు మీద తాత రాయించిన 'కంబళ్లు' అన్న ఒక్క మాట, అదీ సగం రాలిపోయింది. గుమ్మం పక్కన ఒక కంబళి వేలాడుతుండేది. ఆ కంబళి కింద అరుగు మీద నాయన కాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు. జనం 'పెద్దాయన అంగడి' అనేవాళ్లు. తాత ఉన్నప్పుడు ఆయన పెద్దాయన. తాత పోయాక నాయన పెద్దాయన అయ్యాడు. దానికి ఎవరూ రిబ్బను కత్తిరించలేదు.

తొంభైలు ముగిసేనాటికి అమ్మకాలు సన్నగిల్లాయి. మిల్లు దుప్పట్లు లారీల్లో దిగాయి, మెత్తగా, రంగురంగుల పూలతో, మా కంబళిలో పావు ధరకు. వానకు నీలంరంగు ప్లాస్టిక్ పట్టలు వచ్చాయి, అవి ఇంకా చవక. సంతలో కాపరి భుజాన కంబళికి బదులు మడత పెట్టిన పట్ట కనబడడం మొదలైంది. అన్న అంగట్లో నాయనకు తోడుగా ఉండేవాడు. సాయంత్రం తలుపు వేసేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. దాంతో నాకు అర్థమయ్యేది ఆ రోజు అమ్ముడుపోయినవి ఎన్నో.

అప్పుడే నేను ఎంబీఏ ముగించి ఇంట్లో కూర్చున్నాను. కాలేజీలో రెండు మాటలు నేర్పారు. బ్రాండ్ ఐడెంటిటీ, బ్రాండ్ పొజిషనింగ్. ఐడెంటిటీ అంటే మనం ఎవరమో చెప్పే మన గుర్తులు, మన తీరు: పేరు, రంగు, సరుకు, మాట, మర్యాద. పొజిషనింగ్ అంటే కొనేవాడి తలలో, పక్కన ఉన్న పోటీ సరుకులతో పోలిస్తే మనకు దొరికే చోటు. పరీక్షలో ఈ తేడా రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. రాయడానికి వచ్చింది గానీ చూడడానికి రాలేదు. మా అంగడి ముందు నిలబడి చూస్తే నాకు కనిపించిందల్లా రాలిపోయిన బోర్డు, బురద, అరుగు మీద చొక్కా లేకుండా కూర్చున్న నాయన. ఇదీ మన జబ్బు అనుకున్నాను.

అన్నకు ఆ మాట చెప్పాను. వాడు పాపం మెత్తని మనిషి, నా నోటికి ఎదురు చెప్పేవాడు కాదు. నా క్లాసుమేటు ఒకతి చెబితే బెంగుళూరు నుంచి ఒకాయనను పిలిపించాం. ప్రకటనల కంపెనీలో పనిచేసి, బయటికి వచ్చి ఇలాంటి చిన్న వ్యాపారాలకు సలహాలిచ్చే మనిషి. తెలుగు బాగానే మాట్లాడేవాడు. కథలో ఇలాంటి వాడిని దొంగను చేస్తే నాకు హాయిగా ఉండేది, కానీ ఆయన దొంగ కాదు. రెండు రోజులు అంగట్లో కూర్చున్నాడు. నీళ్లు పోసే వాడుక చూసి తెగ ముచ్చటపడ్డాడు. వెళ్లే ముందు నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు: మీ కంబళిని ఎవరు కొంటారు, అది లేకపోతే వాళ్లు ఏం కొంటారు, అది కాదని మీదే ఎందుకు కొనాలి. నేను టకటకా జవాబులిచ్చేశాను. కాపర్లు తగ్గిపోతున్నారు, ఇక పట్టణాల వాళ్లు కొనాలి, చేత్తో చేసిన సరుకు కాబట్టి కొంటారు అని.

ఇవి మీ జవాబులు, కొనేవాళ్లవి కావు, ఒక నెల ఊళ్లు తిరిగి పాత గిరాకీని అడిగి రండి, ఆ తర్వాతే ఏది మార్చాలో ఏది మార్చకూడదో చెప్తాను అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది. కాపర్ల ఒళ్లో కూర్చుని పెరిగినదాన్ని, వాళ్లను నేను కొత్తగా అడిగేదేమిటి? అడిగామనే చెప్పి, రెండు వారాల తర్వాత ఆయనకు నేనే ఇంట్లో కూర్చుని ఒక నివేదిక రాసి పంపాను. అందులో కాపర్లు చెప్పినట్టు రాసిన ప్రతి మాటా నాదే.

నాయనతో ఈ సంగతి చెప్పే పని అన్న నా మీద వేశాడు. నాయన అంతా విన్నాడు. ఆయన ఎప్పుడూ అడ్డు చెప్పే మనిషి కాదు, కానీ విన్నాక చాలాసేపు అరుగు గీకుతూ కూర్చున్నాడు.

"అంగడి యట్లన్నా మార్చుకోండి పాపా. గొర్లోళ్లు మాత్రం రాకుండా పోగూడదు. నాకు వాళ్లు తప్ప ఇంగెవరుండారు?" అన్నాడు.

వాళ్లు ఎక్కడికీ పోరని నేను మాటిచ్చాను. పాతవాళ్లు ఎట్లాగూ వస్తారు, కొత్తవాళ్లు కూడా వస్తారు అన్నాను. నాకు నిజంగా అలాగే అనిపించింది. ఆ మాటకు ఆయన తల ఊపి, అరుగు దిగి ఇంట్లోకి పోయాడు.

రెండు నెలలు అంగడి మూసి పని చేయించాం. అరుగు కొట్టేశారు. అద్దాల తలుపులు వచ్చాయి. బంగారు రంగు అక్షరాలతో, వెనక దీపాలతో కొత్త బోర్డు వచ్చింది. ఆ కొత్త పేరు ఇక్కడ రాయను. సగం ఇంగ్లీషు, సగం సంస్కృతం, దాన్ని మా అమ్మ చచ్చేదాకా సరిగా పలకలేదు. గుమ్మం పక్కన వేలాడే కంబళిని మడిచి అటక మీద పెట్టాను. అద్దాల దగ్గర నీళ్లు పోయడం కుదరదు కాబట్టి ఆ వాడుక మానిపించాను. గంజి వాసన పట్టణం వాళ్లకు పడదని గంజి కూడా మానిపించాను. అవ్వకు ఇంక రావద్దని చెప్పింది కూడా నేనే. ఊళ్ల బొచ్చు మరీ ముతకగా ఉందని మిల్లు నుంచి ఉన్ని నూలు తెప్పించి, కొంచెం మెత్తగా, లేత రంగుల్లో నేయించాం. కాబట్టి ఆ యేడు బొచ్చు కొనడానికి నాయన ఊళ్లకు పోలేదు. అప్పటికే మోకాళ్ల నొప్పులతో ఉన్నాడు, పోకపోవడమే మంచిదనుకున్నాం. కూర్చోవడానికి అంగట్లో చోటు లేదు కాబట్టి వెనక వరండాలో కుర్చీ వేశాం. అట్నుంచి బజారు కనబడదు. చాలా సౌకర్యంగా ఉందని ఆయనతోనే అనిపించాను కూడా.

బెంగుళూరు ఆయన ఒకసారి వచ్చి చూసి ముఖం చిట్లించాడు. ఇది మీరు కాదు కదా అన్నాడు. ఈ బట్ట మిల్లు దుప్పటి పక్కన పెడితే ఎవరికి ఏం తేడా తెలుస్తుంది అన్నాడు. ఆయన రాకముందే పని ముగిసిపోయింది. ఆయనకు ఇవ్వాల్సింది ఇచ్చి నమస్కారం పెట్టి పంపేశాను.

మొదటి పట్టణ గిరాకీ బెంగుళూరు ప్రదర్శనలో దొరికింది. చక్కగా చీర కట్టుకున్న ఒకామె మా దుప్పటిని చెంపకు ఆనించుకుని చూసింది. "ఇది గుచ్చుకుంటోందేమిటండీ?" అని అడిగి, తిరిగి మడత పెట్టి, పక్క అంగట్లో మెత్తటిది కొనుక్కుంది. గొర్రె బొచ్చు ఎంత మిల్లులో వడికించినా దాని గుణం కొంత ఉంటుంది, గుచ్చుకుంటుంది. ముతకతనంలో ఉన్న గొప్పదనాన్ని తీసేశాం, గుచ్చుకోవడం మాత్రం మిగిలింది. మెత్తదనంతో పోటీ పడదామని మెత్తనివాళ్ల బజారులోకి పోయాం. ఆ బజారులో మేము అందరికంటే కింద. ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు ఆమెకు మంచి సరుకు తెలియదనుకుని తిట్టుకున్నాను.

ఇక్కడ అనంతపురంలో ఇంకొకటి జరిగేది. సంత రోజున కాపర్లు బజారు అవతలి వైపు నిలబడి మా అంగడిని చూసేవాళ్లు. ఇద్దరు ముగ్గురు కలిసి, తలపాగాలు సర్దుకుంటూ, కాసేపు చూసి, ఒకరితో ఒకరు ఏదో అనుకుని వెళ్లిపోయేవాళ్లు. తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు. కొత్తదనం చూసి ఆశ్చర్యపోతున్నారని, అలవాటు పడితే లోపలికి వస్తారని నేను అన్నకు చెప్పాను. ఒకరోజు కావాలని బయటికి వచ్చి ఒక ముసలాయనను పలకరించాను. ఆయన నన్ను చూసి తల దించుకుని, బాగుండావా తల్లీ అని, ఇంకేదో చెప్పబోయి ఊరుకుని, గబగబా పోయాడు. గౌరవం అనుకున్నాను.

వాన కాలం గడిచింది, చలికాలం గడిచింది. నాయన వరండాలో కూర్చుని, ఈ వారం ఎవరన్నా వచ్చిరా అని అడిగేవాడు. ఎవరన్నా అంటే కాపర్లు. వస్తున్నారు నాయనా అనేవాణ్ణని అన్న తర్వాత చెప్పి ఏడ్చాడు. ఊళ్ల పేర్లు కూడా కల్పించి చెప్పేవాడట. ఫలానా ఊరోళ్లు వచ్చినారు, నిన్ను అడిగినారు అని. అడిగి లోపలికి రాకుండానే పోయినారా అని నాయన అడిగితే, బస్సుకు టైమయిందని చెప్పేవాడట.

చివరికి అన్నే ధైర్యం చేశాడు. మిల్లు నూలుకు డబ్బు ఇచ్చుకోలేకపోతున్నాం, మళ్లీ ఊళ్ల బొచ్చే కొందాం అన్నాడు. నాయన ఎప్పుడూ మొదట ఎవరి దగ్గర కొంటాడో అందరికీ తెలుసు. ముదిగుబ్బ దాటాక ఒక పల్లెలో ఒక కాపరి ఉన్నాడు, నాయన వయసువాడు. చిన్నప్పుడు నేను నాయనతో పోయి ఆయన మందలో గొర్రెపిల్లలను ఎత్తుకుని తిరిగాను. మామా అని పిలిచేదాన్ని. అన్న అంగడి విడిచి రాలేడు కాబట్టి నన్ను పొమ్మన్నాడు.

పొద్దున బస్సులో పోయాను. దారి పొడుగునా ఎర్ర నేల, శెనక్కాయ కోసేసిన చేలల్లో అక్కడక్కడా మందలు. పల్లెలో దిగి అడిగితే మామ ఇంటి ముందరే ఉన్నాడు, బొచ్చు కత్తిరించే కత్తెర నూరుకుంటున్నాడు. నన్ను చూడగానే కత్తెర కింద పెట్టేశాడు. లేచి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అత్త లోపలి నుంచి వచ్చి నన్ను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీళ్లింట్లో ఎవరికో ఏదో జరిగిందనుకున్నాను.

మామ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేల చూస్తూ మాట్లాడాడు.

"మీ నాయన పోయినాడని తెలిసె పాపా. అప్పుడు రాలేకపోతిమి, ఏమనుకోవద్దు. మాకు తెలిసేటప్పటికే దినాలు గూడ అయిపోయింటాయి అనుకొంటిమి."

నాకు మొదట అర్థం కాలేదు. ఎవరి నాయన అని అడిగాను. ఆయన నా ముఖంలోకి చూశాడు, ఈ పిల్లకు మతి చలించిందేమో అన్నట్టుగా. మా నాయన బతికే ఉన్నాడు మామా, పొద్దున్నే జొన్న రొట్టె తిన్నాడు అని గట్టిగా అరిచినట్టే చెప్పాను. అత్త గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. అంగడి రెండు నెలలు మూసి ఉంది. తెరిచినప్పుడు అరుగు లేదు, అరుగు మీద మనిషి లేడు, గుమ్మం దగ్గర కంబళి లేదు, బోర్డు మీద వేరే పేరు ఉంది. ఆ పైన బొచ్చు కొనడానికి కూడా పెద్దాయన రాలేదు. ఆయన రాకుండా కత్తిరింపులు జరగడం మామకు తెలిసినంతలో అదే మొదలు. పెద్దాయన పోయినాడు, పిల్లలు అంగడి ఎవరో బెంగుళూరోళ్లకు అమ్ముకున్నారు, ఆ పిల్ల వాళ్ల దగ్గరే జీతానికి ఉంది. సంతల్లో ఈ మాట ఒక మంద నుంచి ఇంకో మందకు పోయింది. ఎవరూ వచ్చి అడగలేదు. చావు గురించి, ఆస్తి పంపకాల గురించి ఇంటి ఆడపిల్లను వీధిలో నిలబెట్టి అడిగే మర్యాద తక్కువ మనుషులు కాదు వాళ్లు. అవతలి వైపు నిలబడి, ఆయన కూర్చున్న చోటు చూసి వెళ్లిపోయారు. నేను దాన్ని ఆసక్తి అనుకున్నాను. బజారు అవతలి నుంచి వాళ్లు చేస్తూ వచ్చింది పరామర్శ.

నాకు అక్కడికక్కడే ఏడుపు వచ్చింది. అత్త మజ్జిగ ఇచ్చింది, తాగలేకపోయాను. మామకు మాత్రం మెల్లగా కోపం ఎక్కింది. ఆయన మాట మోటు.

"బతికుండే మనిషిని యాడ పెట్టినారమ్మా మీరు? కనపడకుండా చేస్తే జనం ఏమనుకోవల్ల?"

దానికి నేను ఎంబీఏలో నేర్చుకున్నదేదీ పనికి రాలేదు. వెనక వరండాలో కూర్చోబెట్టాం మామా అన్నాను. ఇప్పుడు భుజాన ఏం వేసుకుంటున్నావని నేనే అడిగాను. వానకొక పట్ట, చలికొక దుప్పటి కొన్నాడట. పట్ట తుమ్మ ముళ్లకు చినిగి రెండు నెలలకొకటి మారుతోంది, దుప్పటి ఒక వానకు తడిస్తే రెండు రోజులు ఆరదు. రెండూ మోసుకుని మంద వెంట తిరగడం చచ్చే చావుగా ఉంది, కంబళయితే ఒకటే కదా అన్నాడు. చెప్తూ చెప్తూనే ఆగి, మీ అంగట్లో ఇప్పుడు అది యాడ ఉండాది అని గొణిగాడు.

బస్సులో తిరిగి వస్తుంటే, కంబళయితే ఒకటే కదా అన్న మామ మాటే చెవిలో మోగింది. బెంగుళూరు ఆయన అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు అందులో ఉంది. ఎవరు కొంటారు, లేకపోతే ఏం కొంటారు, మనదే ఎందుకు. పట్టకూ దుప్పటికీ మధ్య, రెండింటి పనీ ఒక్కటే చేసే సరుకుగా కాపరి తలలో మాకు ఒక చోటు ఉంది. అదే మా పొజిషనింగ్, ఎవరూ పెట్టకుండానే ఏర్పడింది. పోటీ సరుకులు మారాయి కాబట్టి మేము ఆ చోటును గట్టిగా గుర్తు చేయాల్సింది, అంతే. దానికి బోర్డు మీద ఒక వాక్యం చాలు. నేను అది వదిలేసి, ఆ చోటుకు దారి చూపే గుర్తులన్నిటినీ పీకేశాను. అరుగు, నీళ్లు, గంజి, వేలాడే కంబళి, అన్నిటికంటే ముందు నాయన. మా ఐడెంటిటీ అంటే అదే, రాలిపోయిన బోర్డు కాదు. చోటు బాగుచేయడానికి పోయి గుర్తులను నరికాను.

ఇంటికి వచ్చి నాయనకు ఎలా చెప్పాలో తెలియలేదు. అన్న నా ముఖం చూసి బయటికి పోయాడు. వరండాలో ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నివేదిక నేనే రాసిన సంగతి కూడా. ఆయన మొదట నవ్వాడు. "నేనెప్పుడు పోయినానంట?" అని అడిగాడు. నెల కూడా అడిగాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, నొప్పి మోకాళ్లతో అంగట్లోంచి నడిచి, అద్దం తలుపు తోసుకుని బజారులోకి వచ్చాడు. అరుగు కొట్టేసిన చోట నిలబడ్డాడు. ఎదురు అంగడాయన చూసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నాయన కూడా పెట్టాడు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

మరుసటి వారమే మేస్త్రీని పిలిచి అరుగు కట్టించాం. అద్దాలు తీసేశాం. అవ్వ ఇంటికి నేనే పోయి కాళ్లు పట్టుకున్నాను. వస్తాను గానీ నువ్వు మాత్రం పెరట్లోకి అడుగు పెట్టొద్దు అంది. ఒప్పుకున్నాను. గోడ మీద మామ మాటను ఒక పెయింటరుతో రాయించాం: వానకు పట్ట, చలికి దుప్పటి, రెండింటికీ కలిపి ఒక కంబళి. ఇదొక్కటే కొత్తది. బెంగుళూరు ఆయనకు ఫోను చేసి సిగ్గు విడిచి అంతా చెప్పాను. ఆయన ఎత్తిపొడవలేదు. గుర్తులు మన చేతిలో ఉంటాయండి, చోటు వాళ్ల చేతిలో ఉంటుంది, గుర్తులు తీసేస్తే వాళ్లు ఆ చోటును ఇంకొకరికి ఇచ్చేస్తారు అన్నాడు.

ఇచ్చేశారు కూడా. మేము లేని ఆ ఏడాదిన్నరలో కర్ణాటక వైపు వ్యాపారులు వ్యానుల్లో సంతలకే కంబళ్లు తెచ్చి అమ్మడం మొదలుపెట్టారు. చెంబుతో నీళ్లు పోసి చూపిస్తున్నారని విన్నాం. తప్పు వాళ్లది కాదు, చోటు ఖాళీగా కనిపించింది. మా దగ్గరికి తిరిగి వచ్చినవాళ్లు సగమో, అంతకంటే తక్కువో. వచ్చినవాళ్లలో చాలామంది మొదటిసారి కంబళి కోసం రాలేదు, నాయన నిజంగా ఉన్నాడా లేడా చూసుకోవడానికి వచ్చారు. చేయి పట్టుకుని చూసేవాళ్లు. మామ మాత్రం మరుసటి శనివారమే వచ్చి, సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని, ఒక కంబళి తీసుకుని పోయాడు. ఆ రోజు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నన్ను దగ్గరికి పిలవలేదు.

నాయన ఇంకా నాలుగేళ్లు ఆ అరుగు మీద కూర్చున్నాడు. చివర్లో లేవలేకపోతే అన్న ఎత్తుకొచ్చి కూర్చోబెట్టేవాడు. ఒక ఎండాకాలం పొద్దున నిద్రలోనే పోయాడు. అప్పటికి ఊళ్లలో సెల్‌ఫోన్లు వచ్చాయి. అన్న తెలిసిన ఊళ్లన్నిటికీ కబురు పెట్టాడు. ఊళ్లో వాళ్లు వచ్చారు, బంధువులు వచ్చారు, బజారు మూశారు. కాపర్లు నలుగురైదుగురు తప్ప ఎవరూ రాలేదు. ముదిగుబ్బ వైపు నుంచి ఒక్కరు లేరు. ఫోను చేస్తే మామ మనవడు ఎత్తి, ఆ అంగడోళ్ల మాట మునుపూ ఒకసారి ఇట్లే వింటిమి అని మావాళ్లు అంటుండారు అని చెప్పాడు. ఎవరి నాయన పోతే ఎంతమంది వస్తారో లెక్క వేసే మనిషిని కాదు నేను. కానీ ఆయనకు వాళ్లు తప్ప ఇంకెవరూ లేరు, ఆ మాట ఆయన నోటితోనే నాకు చెప్పాడు.

మూడో రోజు నేనే బస్సెక్కి పల్లెకు పోయాను. మామ ఇంటి ముందర మంచం మీద ఉన్నాడు, చూపు తగ్గింది. నా గొంతు విని గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు.

"ఈసారి నిజమేనా పాపా?" అని అడిగాడు.

నిజమే మామా అన్నాను. ఆయన తల ఊపి, కళ్లు రెండు చేతులతో తుడుచుకున్నాడు. చేతులు చూసుకున్నాడు, పొడిగానే ఉన్నాయి.

"మునుపు విన్నప్పుడే అంతా ఏడ్చేసినా. ఇప్పుడు కంట్లో నీళ్లే రాలేదు," అన్నాడు.

మనవడిని పిలిచి చొక్కా తెప్పించుకుని తొడుక్కున్నాడు. నా భుజం పట్టుకుని బస్సు దాకా నడిచి, నాతో పాటే ఎక్కాడు.